కార్బమజెపైన్ మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు: ఏది మామూలు, ఏది ప్రమాదం?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మందు గురించి, ఆ మందు మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాల గురించి మాట్లాడుకుందాం. మందు పేరు కార్బమజెపైన్. ఇది చాలా పాత మందు, చవకైన మందు, బాగా పనిచేసే మందు కూడా. ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇస్తారు. ముఖం మీద కరెంట్ షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియాకి ఇస్తారు. బైపోలార్ సమస్యలో కూడా వాడతారు. కాబట్టి మీ ఇంట్లోనో, హాస్టల్‌లో మీ రూమ్మేట్‌కో ఎవరో ఒకరు వాడుతూ ఉండే అవకాశం ఉంది.

ఒక మాట ముందే చెప్తాను. ఇప్పటికే ఏళ్ల తరబడి ఈ మందు వాడుతున్నవాళ్లు ఈ వీడియో చూసి కంగారుపడి మానేయొద్దు. మనం మాట్లాడుకునే ప్రమాదం దాదాపుగా మొదటి రెండు మూడు నెలల్లోనే ఉంటుంది. అందులోనూ ఎక్కువగా ఒకటో వారం చివరి నుంచి ఎనిమిదో వారం లోపు. ఆ కిటికీ దాటేసినవాళ్లకి ఈ రిస్క్ చాలా తక్కువ. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపేస్తేనే వాళ్లకి అసలు ప్రమాదం.

సరే, విషయంలోకి వెళ్దాం. కార్బమజెపైన్ మొదలుపెట్టినవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి ఏదో ఒక రకం దద్దుర్లు వస్తాయి. వాటిలో చాలా వరకు మామూలువే. ఎలా ఉంటాయంటే, ఛాతీ మీదో వీపు మీదో చిన్న చిన్న ఎర్రటి మచ్చలుగా మొదలై చేతులకీ కాళ్లకీ పాకుతాయి. దురద ఉంటుంది. కానీ జ్వరం ఉండదు, ఉన్నా కొద్దిగానే ఉంటుంది. నోరు బాగానే ఉంటుంది, కళ్లు బాగానే ఉంటాయి, మనిషి తిరుగుతూనే ఉంటాడు. మందు ఆపితే వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. తక్కువ డోసుతో మొదలుపెట్టి వారానికోసారి కొద్దికొద్దిగా పెంచమని డాక్టర్లు చెప్పడానికి ఒక కారణం ఈ మామూలు దద్దుర్లను తగ్గించడమే.

అయితే ఇక్కడే చిక్కు. చాలా అరుదుగా వచ్చే ప్రమాదకరమైన రియాక్షన్ కూడా మొదటి రోజు ఇలాగే కనిపించొచ్చు. దాని పేరు స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు మొదట వివరించారు కాబట్టి ఆ పేరు. మనం షార్ట్‌గా ఎస్‌జేఎస్ అందాం. ఇందులో చర్మం పై పొర కింద పొర నుంచి విడిపోతుంది, కాలిన గాయంలో ఊడినట్టు ఊడిపోతుంది. ఊడిన భాగం ఒంటి మొత్తంలో పది శాతం లోపు ఉంటే ఎస్‌జేఎస్ అంటారు. ముప్పై శాతం దాటితే టెన్ అంటారు, అంటే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్. రెండూ ఒకే జబ్బు, తీవ్రతలోనే తేడా. మీ అరచెయ్యి, వేళ్లతో కలిపి, మీ ఒంట్లో సుమారు ఒక శాతం. ఆ లెక్కన పది అరచేతులంత చర్మం ఊడడం అంటే ఎంతో ఊహించుకోండి. ఎస్‌జేఎస్‌లో సుమారు పది మందిలో ఒకరు చనిపోతారు. టెన్‌లో ముగ్గురిలో ఒకరు.

మరి ఒకే మందు వెయ్యి మంది వేసుకుంటే ఒక్కరికో ఇద్దరికో మాత్రమే ఇలా ఎందుకు అవుతుంది? చాలా ఏళ్లు దీనికి సమాధానం లేదు. 2004లో తైవాన్ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు కార్బమజెపైన్ వల్ల ఎస్‌జేఎస్ వచ్చిన 44 మంది రక్తాన్ని పరీక్షించారు. నలభై నలుగురిలో నలభై నలుగురికీ ఒకే జన్యు రకం ఉంది. దాని పేరు హెచ్ఎల్ఏ బి పదిహేను సున్నా రెండు. ల్యాబ్ రిపోర్టులో HLA-B*15:02 అని కనిపిస్తుంది. అదే మందు వేసుకుని ఏమీ కాని 101 మందిలో చూస్తే ముగ్గురికే ఉంది. మందుల రియాక్షన్లలో ఇంత గట్టి సంబంధం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఇది ఎలా పనిచేస్తుందో సింపుల్‌గా చెప్తాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం తన లోపల ఏముందో చిన్న చిన్న ముక్కలుగా బయట షోకేస్‌లో పెట్టి చూపిస్తుంది. ఆ షోకేసే హెచ్ఎల్ఏ. కాపలా కాసే టి కణాలు వచ్చి చూసి, అన్నీ మనవే అనిపిస్తే వెళ్లిపోతాయి, వైరస్ ముక్క కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. షోకేస్ ఆకారం మనిషి మనిషికీ వేరు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. 1502 అనే ఆకారంలో కార్బమజెపైన్ వచ్చి సరిగ్గా కూర్చుంటుంది. కొందరిలో కాపలా కణాలు దాన్ని చూసి శత్రువు అనుకుంటాయి. మందు ఒంటి నిండా ఉంది కాబట్టి చర్మం నిండా దాడి మొదలవుతుంది. ఆ కణాలు గ్రాన్యులైసిన్ అనే ప్రోటీన్ వదులుతాయి, అది చర్మ కణాలను చంపేస్తుంది. బొబ్బల్లో ఉండే నీటిలో ఆ ప్రోటీన్ ఎక్కువగా దొరుకుతుంది. ఈ దాడికి తగినన్ని కాపలా కణాలు తయారవ్వాలి కదా, అందుకే మొదటి మాత్రకే రాదు, కొన్ని రోజులు, వారాలు పడుతుంది.

ఈ జన్యు రకం ప్రపంచమంతా సమానంగా లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 2007 డిసెంబర్‌లో ఈ మందు మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. వాళ్ల లెక్క ప్రకారం హాంకాంగ్, థాయ్‌లాండ్, మలేసియా, ఫిలిప్పీన్స్‌లో కొన్ని చోట్ల నూటికి పదిహేను మందికి పైగా, తైవాన్‌లో నూటికి పది మంది దాకా ఉంటుంది. జపాన్, కొరియాల్లో ఒక శాతం కూడా లేదు. కాబట్టి 'ఆసియా' అని ఒకే ముద్ర వేయడం కుదరదు. మన భారతీయుల్లో రెండు నుంచి నాలుగు శాతం, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ. యూరప్ వాళ్లలో దాదాపు ఉండదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగువాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. డాక్టర్ "మీ పూర్వీకులు ఎక్కడివాళ్లు?" అని అడిగితే అది అవమానం కాదు. ఈ మందు విషయంలో అది నిజంగా అడగాల్సిన ప్రశ్న. అడగకపోతే మీరే చెప్పండి.

ఇప్పుడు టెస్ట్ సంగతి. చేతి నుంచి కొద్దిగా రక్తం తీస్తారు, కొన్ని ల్యాబ్‌లు బుగ్గ లోపల నుంచి స్వాబ్ తీసుకుంటాయి. డీఎన్ఏ టెస్ట్ కాబట్టి పరగడుపున ఉండాల్సిన పని లేదు. జన్యువు మారదు కాబట్టి జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, ఆ రిపోర్టు ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోండి. రిజల్ట్‌కి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి టెస్ట్ చేయించాల్సింది మందు మొదలుపెట్టకముందు. ఒక చేత్తో శాంపిల్ ఇచ్చి ఇంకో చేత్తో మాత్ర వేసుకుంటే టెస్ట్ ఉద్దేశమే పోతుంది. రిజల్ట్ వచ్చేలోపు ఫిట్స్‌కి మందు కావాలంటే వేరేది రాయమని డాక్టర్‌ని అడగొచ్చు.

రిపోర్టులో పాజిటివ్ వస్తే అర్థం ఏంటి? ఇక్కడ చాలామంది పొరబడతారు. తైవాన్‌లోనే తర్వాత ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2011లో వచ్చింది. 23 ఆసుపత్రుల్లో కార్బమజెపైన్ మొదలుపెట్టాల్సిన 4877 మందికి ముందే ఈ టెస్ట్ చేశారు. 372 మందికి పాజిటివ్. వాళ్లకి ఈ మందు ఇవ్వలేదు. మిగతావాళ్లకి ఇచ్చి రెండు నెలలు ఫోన్ చేసి కనుక్కున్నారు. మామూలు దద్దుర్లు వచ్చాయి, నూటికి నలుగురికి. కానీ ఎస్‌జేఎస్ ఒక్కరికి కూడా రాలేదు. పాత లెక్కల ప్రకారం అయితే సుమారు పది మందికి రావాలి. అంటే పాజిటివ్ ఉన్న ఆ 372 మందికీ మందు ఇచ్చి ఉంటే సుమారు పది మందికి వచ్చేది, మిగతా వాళ్లకి రాకపోయేది. లెక్క వేస్తే నూటికి ముగ్గురు. కాబట్టి పాజిటివ్ అంటే మీకు జబ్బు ఉందని కాదు, రియాక్షన్ తప్పకుండా వస్తుందని కూడా కాదు. ప్రాణం మీదికి వచ్చే రిస్క్ నూటికి మూడు అంటే చాలా పెద్దది, పైగా వేరే మందులు ఉన్నాయి. అందుకే వద్దంటారు.

నెగెటివ్ వస్తే? రిస్క్ బాగా తగ్గింది, కానీ సున్నా కాలేదు. మన దేశంలో దీని మీద మొదట్లో వచ్చిన ఒక అధ్యయనంలో, 2009లో, కార్బమజెపైన్ వల్ల ఎస్‌జేఎస్ వచ్చిన 8 మందిని చూస్తే 6 మందికి ఈ జన్యు రకం ఉంది. ఇద్దరికి లేదు. తైవాన్‌లో 44కి 44, మన దగ్గర 8కి 6. హెచ్ఎల్ఏ ఏ 3101 అని ఇంకో రకం కూడా ఉంది, అది కూడా ఈ మందుతో రియాక్షన్లు తెస్తుంది, జపాన్, యూరప్ వాళ్లలో ఎక్కువగా పట్టుకున్నారు. కాబట్టి టెస్ట్ నెగెటివ్ అయినా మొదటి రెండు నెలలు ఒంటి మీద కన్నేసి ఉంచాల్సిందే.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నిజమైన పేషెంట్ కాదు, ఎస్‌జేఎస్ మామూలుగా ఎలా నడుస్తుందో చెప్పడానికి అల్లిన కథ. 24 ఏళ్ల అబ్బాయి, కొత్తగా ఫిట్స్ అని తేలింది. కార్బమజెపైన్ 100 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని మొదలుపెట్టారు. వారం తర్వాత డోసు రెట్టింపు చేశారు. ఫిట్స్ రాలేదు, అంతా బాగుంది.

పన్నెండో రోజు జ్వరం. గొంతు నొప్పి, కళ్లు ఎర్రబడి మంట, ఒళ్లు నొప్పులు. ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు. ఎవరైనా ఏమనుకుంటారు? వైరల్ ఫీవర్ అనుకుంటారు. మెడికల్ షాపుకి వెళ్లి పారాసెటమాల్, ఒక యాంటీబయాటిక్ తెచ్చుకున్నాడు. ఫిట్స్ మాత్ర మాత్రం మానలేదు. ఇక్కడ గమనించండి, ఎస్‌జేఎస్‌లో జ్వరం, కళ్ల మంట, మింగుతుంటే నొప్పి, ఇవి చర్మం కంటే ఒకటి నుంచి మూడు రోజులు ముందు వస్తాయి. ఇంకో సంగతి, తర్వాత దద్దుర్లు వచ్చినప్పుడు అందరూ నిన్న వేసుకున్న యాంటీబయాటిక్‌నే అనుమానిస్తారు. రెండు వారాల క్రితం మొదలైన ఫిట్స్ మందు ఎవరికీ గుర్తుకు రాదు. అసలు మందు ఒంట్లోకి వెళ్తూనే ఉంటుంది.

పద్నాలుగో రోజు ఛాతీ మీద, ముఖం మీద మచ్చలు. ఎర్రగా కాదు, మధ్యలో కందిపోయినట్టు ముదురు రంగులో. మన ఛాయ చర్మం మీద ఎరుపు అంతగా తెలియదు, ఊదా రంగులోనో బూడిద రంగులోనో కనిపిస్తుంది. దురద కంటే నొప్పి ఎక్కువ. చొక్కా తగిలినా మండుతోంది. ఇంట్లోవాళ్లు "అమ్మవారు పోసింది" అన్నారు. వేపాకులు తెచ్చి పడకలో వేశారు. మన ఊళ్లల్లో ఇది చాలా సహజం, నిజంగానే మొదటి రోజు ఆటలమ్మలా అనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, ఆటలమ్మలో నీటి పొక్కులు చిన్నగా విడివిడిగా ఉంటాయి, దురద పెడతాయి, కొత్తవీ పాతవీ కలిసి ఉంటాయి. ఇక్కడ మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, నొప్పి పెడతాయి, పెదాలు, నోరు, కళ్లు బాగా దెబ్బతింటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ అబ్బాయి రెండు వారాల క్రితం కొత్త మందు మొదలుపెట్టాడు.

పదిహేనో రోజు పెదాలు వాచి పుండ్లయ్యి రక్తం గడ్డకట్టినట్టు నల్లటి పెచ్చులు కట్టాయి. నీళ్లు కూడా మింగలేకపోతున్నాడు. మూత్రం పోస్తే మంట. వీపు మీద మెత్తటి బొబ్బలు, పక్క మీద ఒత్తుకున్న చోట తడి కాగితంలా చర్మం జరిగిపోయింది. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారు. పన్నెండో రోజున ఎవరైనా "నువ్వు కొత్తగా ఏ మందు వాడుతున్నావు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మూడు రోజులు కలిసొచ్చేవి, ఆరు మాత్రలు ఒంట్లోకి వెళ్లకపోయేవి. మందు ఎంత త్వరగా ఆపితే బతికే అవకాశం అంత ఎక్కువ అని అధ్యయనాల్లో తేలింది.

ఇంకో రూపం కూడా ఉంది, దాన్ని డ్రెస్ అంటారు. ఇందులో చర్మం ఊడకపోవచ్చు. మందు మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య జ్వరం, ముఖం ఉబ్బడం, మెడలో గడ్డలు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. లోపల లివర్ దెబ్బతింటుంది, కొందరికి కళ్లు పచ్చబడతాయి. చూడ్డానికి చర్మం అంత భయంకరంగా లేకపోయినా ఇది కూడా ఆసుపత్రి కేసే.

మరి మనం ఏం చేయాలి? మొదటిది, జ్వరం లేదు, నోరు, కళ్లు బాగున్నాయి, దురద మచ్చలు మాత్రమే ఉన్నాయి అనుకోండి. అప్పుడు కూడా "చూద్దాంలే" అని ఆగొద్దు. తర్వాతి మాత్ర వేసుకునే లోపే మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి, మచ్చల ఫోటోలు పంపండి. దద్దుర్లకి వేరే కారణం స్పష్టంగా ఉంటే తప్ప మందు ఆపడమే నియమం. డాక్టర్ ఆపి వేరేది ఇస్తారు.

రెండోది, జ్వరం, కళ్ల మంట, నోట్లో పుండ్లు, చర్మం నొప్పి, బొబ్బలు, ముఖం వాపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంక ఫోన్‌లు కాదు. తర్వాతి మాత్ర వేసుకోవద్దు, అదే రోజు, రాత్రయినా సరే, పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. స్కిన్ డాక్టర్, ఐసీయూ, కంటి డాక్టర్ ఉన్న చోటు అయితే మంచిది. బండి లేకపోతే 108కి చేయండి. మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఏది ఏ తారీఖున మొదలైందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చాలా టెస్టుల కంటే విలువైనది.

"మరి మందు ఆపితే ఫిట్స్ వస్తే?" అని మీకు డౌట్ రావాలి. వచ్చే అవకాశం ఉంది, అందుకే ఇంట్లో ఉండి ఆపడం కాదు, ఆసుపత్రికి వెళ్లి ఆపడం. అక్కడ వెంటనే వేరే రకం మందు ఎక్కిస్తారు. ఏ మందు అనేది కూడా ముఖ్యం. ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపైన్, ఇవి నిర్మాణంలో దగ్గరి చుట్టాలు, వీటితో కూడా ఇదే రియాక్షన్ రావొచ్చు. లామోట్రిజిన్‌తో కూడా జాగ్రత్త. హాంకాంగ్‌లో 2008లో ఈ జన్యు టెస్ట్ తప్పనిసరి లాంటిది చేశారు. కార్బమజెపైన్ వల్ల వచ్చే ఎస్‌జేఎస్ తగ్గిపోయింది. కానీ చాలామంది డాక్టర్లు టెస్ట్ జోలికి పోకుండా ఫెనిటోయిన్‌కి మారారు, దాంతో ఫెనిటోయిన్ ఎస్‌జేఎస్ పెరిగింది. మొత్తం లెక్క తగ్గలేదు. ఒక మందుని తప్పించి దాని చుట్టాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటే అంతే కదండీ. ఇలాంటప్పుడు ఎక్కువగా లెవెటిరాసెటమ్ లాంటివి ఎంచుకుంటారు. వాల్‌ప్రోయేట్ కూడా ఉంది కానీ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి అది వేరే సమస్య, కడుపులో బిడ్డకి హాని చేస్తుంది.

చేయకూడనివి రెండే చెప్తాను. అలర్జీ మాత్ర, అలర్జీ ఇంజెక్షన్ చేయించుకుని అసలు మందు కొనసాగించడం ఒకటి. దురద తగ్గుతుందేమో కానీ లోపల దాడి ఆగదు. రెండోది, తగ్గిపోయింది కదా అని ఇంకో కంపెనీ పేరుతో అదే మందు మళ్లీ వేసుకోవడం. రెండోసారి ఇంకా త్వరగా, ఇంకా తీవ్రంగా రావొచ్చు. ఒకసారి వచ్చినవాళ్లు కార్బమజెపైన్ అని ఇంగ్లీషులో రాసిన కార్డు పర్సులో పెట్టుకోవాలి, బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు. ఫోన్ లాక్ స్క్రీన్‌లో మెడికల్ ఐడీ ఉంటుంది కదా, అందులో కూడా ఎక్కించండి. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, పిల్లలకి కూడా చెప్పండి, ఎందుకంటే ఆ జన్యు రకం వాళ్లకీ వచ్చి ఉండొచ్చు.

బతికి బయటపడ్డాక కూడా కళ్లు చూపించుకుంటూ ఉండాలి. చర్మం కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది కానీ కంటి పై పొర మీద మచ్చలు పడితే కళ్లు పొడిబారి చూపు దెబ్బతినొచ్చు. అందుకే మొదటి రోజు నుంచే కంటి డాక్టర్ కావాలని అన్నాను.

చివరిగా ఒక నంబర్. మందుల వల్ల వచ్చే రియాక్షన్లను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. పేషెంట్ కూడా చేయొచ్చు, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. ఇది చికిత్స కోసం కాదు, రికార్డు కోసం. మన రాష్ట్రాల్లో ఈ రియాక్షన్ ఎంతమందికి వస్తోందో తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇవాళ్టికి ఇంతే. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఈ నెలలోనే ఈ మందు మొదలుపెట్టి ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి, "టెస్ట్ చేయించావా? ఇవాళ్టికి ఎన్నో రోజు?" అని అడగండి. ఉంటాను మరి, నమస్తే.